మంద లెక్క

గుర్వయ్యకు తన వయసు తనకన్నా సర్కారు కాగితానికే బాగా తెలుసునన్న సంగతి ఆ రోజుదాకా తెలియదు. మక్తల్ పశువుల దవాఖానలో కంపౌండరు ఆయన. ఇంకా అయిదేళ్ల నౌకరీ ఉందనే ధీమాతో, 1961లో సెలవు కాగితాల పనిమీద పాలమూరు ఆఫీసుకు పోయాడు. అక్కడి గుమాస్తా లింగస్వామి సర్వీసు బుక్కు తిప్పి చూసి, రెండేళ్లే మిగిలిందన్నాడు.

తప్పు ఎవరిదో కాదు, సొంత మేనమామదే. పదిహేనేళ్ల పిల్లగాణ్ణి నౌకరీలో పెట్టడానికి పద్దెనిమిదని రాయించాడు. అప్పుడు ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఆ మూడేళ్లు ఎప్పుడో ఒకనాడు కోతపడతాయని ఎవరు తలచారు? యాభై అయిదు నిండితే ఇంటికి పొమ్మంటారు, అంతే. ఇంత ముదిరాక పుట్టిన తేదీ మార్చమంటే ఎవరూ వినరని లింగస్వామి తేల్చి చెప్పాడు.

ఆ మనిషి నూరేళ్లు బతకాలి! అంతటితో వదిలేస్తే ఎవరేమంటారు? కానీ కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. రిటైరయ్యాక ఏం చేస్తావని అడిగాడు. మందుల దుకాణం పెడతానన్నాడు గుర్వయ్య.

"నౌకరీల ఉన్నన్ని దినాలు యాపారం చెయ్యరాదు. గని సెలవు పెట్టి, పైస తీసుకోకుంట ఏదన్న దుకాణంల కూసోని చూడు గుర్వన్నా. కూసున్నంక తెలుస్తది, అది నీ పనో కాదో" అన్నాడు లింగస్వామి.

గుర్వయ్య నారాయణపేటలో తెలిసినాయన దుకాణంలో పది రోజులు కూర్చున్నాడు. మూడో రోజుకే ప్రాణం విసిగింది. పొద్దంతా సీసాలు అందించడమే గాని ఒక్క గొర్రె పిల్ల మెడ నిమిరింది లేదు. పెట్టుబడి పెట్టకముందే ఆ మోజు తీరిపోయినందుకు లింగస్వామికి మనసులో దండం పెట్టుకున్నాడు.

తరువాతి సెలవులు గొల్లల మందల వెంట గడిపాడు. తనకు ఇష్టమైన పని అదేనని అక్కడ ఖాయమైంది. తొలకరికి కొత్త గడ్డి మేసిన గొర్రెలకు చిటుక రోగం తగులుతుంది. సాయంత్రం గంతులేసిన పిల్ల తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. వానలకు ముందే టీకా వేయిస్తే ఆ బాధ లేదు. మంద మందకూ పోయి ఆ మాట చెప్పడం, టీకా రోజుకు అందరినీ కూడగట్టడం, ఇదీ తాను చేయాలనుకున్న పని. టీకా వేసేది డాక్టరే, మనుషులను కూడేసేది తాను.

కానీ ఒక చిక్కు ఏళ్ల తరబడి అట్లాగే ఉంది. గొర్రెలెన్నని అడిగితే గొల్లలు సగమే చెబుతారు. నిజం చెబితే మేతకు కట్టే పుల్లరి పెరుగుతుందని భయం, లెక్కపెడితే మందకు దిష్టని ఇంకో భయం. చెప్పిన లెక్కకే టీకా మందు వచ్చేది. మిగిలిన సగం ఏటా వాన దయకే. అందరికన్నా మొండి మనిషి బీరమ్మ. రెండు మందల పెత్తనం ఆమెదే. ఏటా యాభై అంటుంది, ఏటా ఏడుస్తుంది. సెలవులో పోయి అడిగినా, సెలవు పెట్టినా కంపౌండరు సారు సర్కారు మనిషేనని నవ్వి ఊరుకుంది. లెక్క చిక్కకపోతే తాను తిరిగీ ఏం లాభమని గుర్వయ్యకు బెంగపట్టుకుంది.

1963 మార్చిలో దండ వేసి సాగనంపారు. కొత్త డాక్టరు మంచివాడు. మందలన్నిటి నిజమైన మొత్తం తెస్తే ఆ మేరకే మందు రాయిస్తానన్నాడు, ఎవరి మంద ఎంతో తనకు అక్కరలేదన్నాడు. ఏప్రిల్‌లో గుర్వయ్య వట్టి చేతులతో, మెడ మీద తువ్వాలతో బీరమ్మ దొడ్డికి పోయాడు. ఆమె అంబలి పోసిచ్చింది. టీకా సంగతి చెప్పాడు గాని, ఎన్నని అడగడానికి మాత్రం నోరు రాలేదు. ఈసారీ ఆమె యాభై అంటే ఇంక తన బతుకు ఇంటి అరుగు మీదే. అంబలి తాగుతూ కూర్చున్నాడు.

బీరమ్మే ఆయన ముఖం చూసి, ఇంకా సర్కారు జీతం వస్తున్నదా అని అడిగింది. పింఛనే వస్తుంది, ఏ సర్కారుకూ తాను లెక్క చెప్పుకోనక్కరలేదన్నాడు. ఆమె దగ్గరికి జరిగింది.

"రెండు వందల ముప్పై నాలుగున్నయి గుర్వన్నా. ఎవలియని చెప్పకు. అన్నిటికీ మందు రావాలె" అంది.

ముప్పై ఏడేళ్ల నౌకరీలో ఒక్కనాడైనా ఆమె గాని, ఇంకో గొల్ల గాని ఆయనకు నిజం లెక్క చెప్పలేదు, అన్నా అని పిలవలేదు. తొందరపడి పదిహేనేళ్లకే తనను నౌకరీకి తోసిన మేనమామ మీద రెండేళ్లుగా పెట్టుకున్న కోపం అక్కడే కరిగిపోయింది. ఆయన వయసు పెంచి రాయించకపోతే ఇంకో మూడేళ్లు ఈ దొడ్డి ముందు సర్కారు మనిషిగానే నిలబడేవాడు, ఇంకో మూడు తొలకరులు ఈ గొర్రెపిల్లలు చచ్చేవి.

బయటికొచ్చి, పక్క మంద ఎటు మేస్తున్నదో కనుక్కొని, ఎండలో గబగబా అటు నడిచాడు.