జలపతి వీడియో ఇంకా రివ్యూలోనే

మొగిలవ్వ మళ్లీ వచ్చి కూర్చుంది. కథలాపూర్‌లో పొద్దున్నే బస్సెక్కి, కోరుట్లలో దిగి, సెల్‌ఫోన్ల దుకాణం మీదున్న మహేందర్ ఇరుకు గదికి మెట్లెక్కి రావడం ఆమెకు రోజూ పనైపోయింది. వచ్చి అడిగేది ఒకటే మాట.

“అచ్చిందా కొడుకా?”

“ఇంకా రాలేదవ్వా. రివ్యూల ఉంది.”

“గా రివ్యూ చేసేటోడు ఎవడు? ఆనికి అవ్వ లేదా?”

వేరే రోజైతే మహేందర్ నవ్వేవాడే. ఇప్పుడు కంప్యూటర్ వైపు తిరిగి పేజీ మళ్లీ తెరిచాడు. గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్ల గోడు వినిపించే ఇంటర్నెట్ వీడియో ఛానెల్ అతనిది. జగిత్యాల జిల్లాలో ఎవరికి ఆపదొచ్చినా ముందు అతనికే ఫోన్ వస్తుంది. ఆ సంగతి కాస్త గర్వంగా చెప్పుకునేవాడు కూడా. మొగిలవ్వ ఎదురుగా కూర్చుంటే మాత్రం ఆ గర్వం ఎటు పోతుందో పోతుంది.

ఆమె కొడుకు జలపతి ఎడారిలో గొర్రెలు కాసే పనికి కుదిరాడు. యజమాని దెబ్బలకు ఓర్చుకోలేక పారిపోయాడు. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉంది. పారిపోయాడని అతను పోలీసులకు ఫిర్యాదు కూడా ఇచ్చాడు, మనుషుల్ని పెట్టి వెతికిస్తున్నాడు. కోనరావుపేటకు చెందిన దివాకర్ అక్కడొక టైర్ల షాపులో పని చేస్తూ, వెనక గదిలో జలపతిని దాచాడు. దొరికితే ఇద్దరికీ జైలే. జైలుకంటే ముందు ఏం జరుగుతుందో తలుచుకోవడానికే మహేందర్‌కు భయం.

జగిత్యాల కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి వచ్చారు. అర్జీ ఒక్కటే చాలదు, నలుగురు చూడాలి, అప్పుడే ఎంబసీ కదులుతుందని మహేందర్ నమ్మకం. అందుకే జలపతితో ఫోన్‌లో వీడియో తీయించాడు. వీపు మీది గాయాలు, అవ్వను తలుచుకుని ఏడుపు, పాస్‌పోర్టు జిరాక్సు, అన్నీ ఉన్నాయి. ఆ గాయాలు చూసి తట్టుకోలేదని మొగిలవ్వకు మాత్రం చూపించలేదు. అప్‌లోడ్ చేసిన కాసేపటికే, పట్టుమని పదిమంది చూడకముందే, హింసాత్మక దృశ్యాలున్నాయంటూ ప్లాట్‌ఫామ్ వాళ్లు తీసేశారు. అప్పీలు పెట్టాడు. ఆ రోజు నుంచి పేజీలో అదే ముక్క: అప్పీలు పరిశీలనలో ఉంది.

రోజులు గడిచే కొద్దీ భయం ముదిరింది. ఆఖరికి ఛానెళ్లు నడిపేవాళ్లకు సాయం చేసే ప్లాట్‌ఫామ్ విభాగానికి, క్రియేటర్ సపోర్టుకు, ఉత్తరం రాశాడు. జవాబు మర్యాదగానే వచ్చింది. పరిశీలించే బృందం వేరు, ఎన్నాళ్లు పడుతుందో తాము చెప్పలేము, వీడియోలో ఏముందో, ఎందుకు పెట్టారో వివరంగా రాస్తే వాళ్లకు పంపుతాము అని.

మహేందర్ కంప్యూటర్‌లో ఉన్న అసలు ఫైలు తెరిచి, చూస్తూ చూస్తూ రాశాడు. ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా ఆ రోజు మాటలు వాటంతటవే వచ్చాయి. ఇది హింసను చూపించి సొమ్ము చేసుకునే వీడియో కాదు, ఒక మనిషి ప్రాణం కాపాడే వీడియో అన్నాడు. గాయాలు ఏ నిమిషం దగ్గర ఉన్నాయో, ఎందుకు చూపించాల్సి వచ్చిందో చెప్పాడు. చివర్లో ఈ వాక్యం చేర్చాడు: ‘ఆఖరున అతను తలుపు తీసి బయటున్న షాపు బోర్డు చూపిస్తాడు, కనుక అతను ఎక్కడున్నాడో ఎవరైనా సరిచూసుకోవచ్చు.’

పంపేశాడు. పంపిన ఉత్తరం మళ్లీ చదువుకునే అలవాటు అతనిది. చదువుతూ ఆ వాక్యం దగ్గర ఆగిపోయాడు.

ఎవరైనా సరిచూసుకోవచ్చు. యజమాని కూడా.

బోర్డు చూపించమన్నది మహేందరే. అది అతని ఛానెల్ పద్ధతి. ఎవరు గోడు చెప్పుకున్నా పేరు, ఊరు, పాస్‌పోర్టు చూపించి, చివర్న ఫోన్ తిప్పి చుట్టుపక్కల చూపించాలి. లేకపోతే కింద కామెంట్లలో ‘అంతా ఫేక్’ అని దుమ్మెత్తిపోస్తారు. కంపెనీ క్యాంపులో ఉన్నవాళ్లకు అదే మేలు చేసింది, ఎంబసీ వాళ్లు వెతుక్కుంటూ వెళ్లగలిగారు. దాక్కున్నవాడికి ఆ పద్ధతి ఎంత మాత్రం పనికిరాదని అతనికి తట్టనే లేదు. ఇంత తెలివి ఉండి ఏం లాభం!

“అవ్వా, రివ్యూల ఉన్న గా వీడియో మనమే తీసేద్దామా? బోర్డు కోసేసి మళ్ల పెడ్త.”

మొగిలవ్వ దిగ్గున లేచింది. “తీసేస్తవా? ఇన్ని రోజులు కూసున్న గదా! మళ్ల పెడితె మళ్ల మొదటికెల్లి లైన్ల నిలవడాలె. తీయకు కొడుకా, నీ కాల్మొక్కుత.”

బోర్డు సంగతి విడమరిచి చెప్పాలి. చెప్పాలంటే తప్పు తనదని ఒప్పుకోవాలి. ఆమె చేతులు నిజంగానే అతని కాళ్ల వైపు వస్తుంటే అతనికి ధైర్యం చాలలేదు. ఇన్నాళ్లు కదలని రివ్యూ ఇవాళే కదులుతుందా, రేపు జలపతినే అడిగి తీసేద్దాంలే అనుకున్నాడు.

తిరిగొచ్చాక జలపతికి ఫోన్ చేద్దామనుకుని, మర్నాడు ముందే ఒప్పుకున్న షూటింగ్ పని మీద సిరిసిల్ల వెళ్లాడు. మరమగ్గాల షెడ్డులో చెవులు గింగురుమనే మోతలో కెమెరా పట్టుకుని తిరిగాడు. జేబులో ఫోన్ మోగింది కూడా తెలియలేదు. బయటికొచ్చి చూస్తే ప్లాట్‌ఫామ్ నుంచి మెయిల్ ఉంది. మీ వివరణ పరిశీలించాము, వీడియోను పునరుద్ధరించాము, అసౌకర్యానికి మన్నించండి.

మహేందర్ నడిరోడ్డు మీద నిలబడే వీడియో తీసేశాడు. అప్పటికే వేలమంది చూశారు. గల్ఫ్ వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఎవరెవరో డౌన్‌లోడ్ చేసి తిప్పుతున్నారు. ‘షేర్ చెయ్యండి, మన తమ్ముని కాపాడుదాం’ అని రాస్తున్నారు. అందరూ మంచివాళ్లే. ఆ మంచితనమే అతన్ని భయపెట్టింది.

జలపతికి ఫోన్ కలిసింది.

“తమ్మీ, గిప్పుడే లే. దివాకర్‌ను గూడ తీస్కపో. సిమ్ము తీసెయ్. ఎట్లన్న ఎంబసీకి పోండ్రి.”

“ఎందుకన్నా? ఏమైంది?”

“నీ వీడియో బయటికొచ్చింది. బోర్డు కనవడ్తున్నది.”

అటువైపు తలుపు గడియ వేసిన చప్పుడైంది.

“బోర్డు జూపెట్టుమన్నది నువ్వే గదనే.”

ఆ వెంటనే ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే స్విచ్ఛాఫ్. సిమ్ తీశాడో, ఎవరైనా వచ్చారో తెలిసే దారి లేదు.

కోరుట్ల చేరేసరికి మొగిలవ్వ గదిలోనే ఉంది. కింద దుకాణం వాళ్లు వాట్సాప్‌లో వచ్చిన వీడియో పెట్టి ఫోన్ ఆమె చేతికిచ్చినట్టున్నారు. కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

“కొడుకు కనవడ్డడు! చిక్కిపోయిండు గని పాణంతోని ఉన్నడు. నీ ఉత్తరానికే అచ్చింది గదా?”

ఇక దాచలేకపోయాడు. ఆమె ముందు కింద కూర్చుని అంతా చెప్పాడు. బోర్డు సంగతి, యజమాని మనుషుల సంగతి, ఫోన్ ఆగిపోయిన సంగతి. మొగిలవ్వ ఏడుస్తుంది, తిడుతుంది, కొట్టినా పడదాం అనుకున్నాడు. ఆమె తిట్టలేదు. చేతిలోని ఫోన్‌లో వీడియో ఆడుతూనే ఉంది. ఆపడం ఎలాగో ఆమెకు తెలియదు. తలుపు తెరుచుకుంది, బోర్డు కనబడింది. ఆమె గబుక్కున తన అరచేతిని దానిమీద అడ్డం పెట్టింది.

“నువ్వు రాస్తె ఇన్నరు గద కొడుకా,” అంది మెల్లగా. “ఇంకో ఉత్తరం రాయి. అందరి ఫోన్లల్లకెల్లి తీసెయ్యుమని రాయి.”