రెజ్యూమెలో లేని మూడేళ్లు

నిస్సీ రెజ్యూమెను పవిత్ర తన హాస్టలు గదిలో మంచం మీద కూర్చుని దిద్దింది. తిరుపతిలో ఉద్యోగాల కన్సల్టెన్సీలో పనిచేసే స్నేహితురాలు కాబట్టి ఆమె మాటంటే నిస్సీకి గురి. ఉద్యోగం నెదర్లాండ్స్‌లోని ఒక ఫర్నిచర్ కంపెనీది. ఇంట్లో కూర్చుని కస్టమర్ల మెయిళ్లకు జవాబులు రాయాలి. పక్షవాతంతో మంచం పట్టిన అమ్మను చిత్తూరు దగ్గరి పల్లెలో వదిలి బెంగుళూరు పోలేని నిస్సీకి అంతకన్నా వేరే దారి లేదు.

"డిగ్రీ అయినాక మూడేళ్లు ఏం చేసినావు మే?"

"మా మునికుమార్ మామ కాడ ఉన్నా. మామిడి గుజ్జు ఎగుమతి చేస్తాడు కదా, ఆ ఆర్డర్లు చూసుకుంటా ఉన్నాను."

"జీతమిచ్చినాడా?"

"మామ కదా మే. అమ్మకు మందులు ఆయనే తెస్తాడు."

"అయితే అది ఇంటి పని. ఉద్యోగమని రాస్తే నవ్వుతారు."

నిస్సీ తలూపింది. అయినవాళ్లకు చేసిన పనిని నేను చేశానని చెప్పుకోవడం వాళ్లింట్లో లేదు. చెప్పుకుంటే లెక్క తీసినట్టుంటుంది. పైగా గోడౌను వెనక రేకుల గది, మామ వచ్చీరాని ఇంగ్లీషు ఆమె కళ్ల ముందు మెదిలాయి. అవి కాగితం మీదికి రాకపోతేనే మేలనుకుంది.

ఆ మూడేళ్ల చోటును పవిత్ర మాటలతో నింపింది. స్లాక్, ట్రెల్లో, ఆసనా, నోషన్ లాంటి ఆఫీసు యాప్‌లన్నీ వచ్చు. ఎవరూ చూడకున్నా పని చేయగలను. ఏ దేశం టైమైనా సరే, ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉంటాను.

"ట్రెల్లో ఒక్కసారే తెరిచినాను మే."

"రెండు వీడియోలు సూడు, వచ్చేస్తాది. అందరూ ఇట్లే రాస్తారు."

ఇంటర్వ్యూ కూడా ఆ గదిలోనే, ల్యాప్‌టాప్ ముందు జరిగింది. అవతల కూర్చున్న ఆవిడ మెత్తగానే మాట్లాడింది.

"ఇరవై నాలుగు గంటలని రాశారు. మరి నిద్ర ఎప్పుడు? మా పనివేళల్లో మీరు రోజూ ఖాయంగా ఉండేది ఏ గంటలు?"

"ఏ టైమైనా ఫరవాలేదు మేడం."

"అక్టోబరు చివర మా గడియారాలు మారతాయి. అప్పుడు?"

నిస్సీకి తెలుసు. అక్కడి గడియారం గంట వెనక్కి పోతుంది, మూడున్నర గంటల తేడా నాలుగున్నర అవుతుంది. మొదటి ఏడాది అది తెలియక, మామ దగ్గర గుజ్జు కొనే హాలండు బేరగాడి ఫోను కోసం గంటసేపు ఊరికే కాచుకుంది. మరుసటి ఏడాది నుంచి ముందే ఆర్డర్ల షీటులో వేళలు మార్చి పెట్టేది. ఇప్పుడేమో నోట "ఫరవాలేదు మేడం" అనే వచ్చింది.

"మీరు పని ఆపే వేళకు ఇక్కడ ఇంకా మధ్యాహ్నమే. సగంలో ఉన్న పనిని మాకు ఎలా అప్పజెబుతారు? ఇదివరకు చేసిందేదైనా చెప్పండి."

మూడేళ్లుగా రోజూ సాయంత్రం ఆమె చేసింది అదే. తానూ హాలండు బేరగాడూ చూసే షీటులో ఏది అయింది, ఏది ఆగింది, ఎందుకు ఆగింది, అవతల ఎవరు తేల్చాలి, అంతా రాసి పెట్టి లేచేది. తెల్లారి చూస్తే ఆయన జవాబు ఉండేది. ఒక్క ఫోను లేకుండా కంటెయినర్లు చెన్నై రేవు దాటి పోయేవి. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆవిడ చేతిలోని కాగితంలో ఆ మూడేళ్లు లేవు. ఇప్పుడు చెబితే అప్పటికప్పుడు అల్లినట్టుంటుంది.

"ట్రెల్లోలో... కార్డు పెడతాను మేడం," అంది.

ఆవిడ నవ్వి, ధన్యవాదాలు చెప్పింది.

ఊరికి పోయే బస్సు పాకాల దాటకముందే మెయిలు వచ్చింది. మరొకరిని తీసుకున్నారట.

ఇల్లు చేరేసరికి మునికుమార్ గడపలో కూర్చుని ఉన్నాడు. ఈ సీజనుతో వ్యాపారం చాలించేస్తున్నాడు, ఈ పిల్ల ఒక దారిన పడితే చాలన్నదే ఆయన దిగులు.

"ఎట్ల చేసినావు మే?"

"చేసినా మామా."

"నీ గురించి ఆ కంపెనీవోళ్లు నాకు ఫోన్ చేస్తారంట కదా. మన హాలండాయనకు కూడా చెప్పి పెట్టినాను. ఆ పిల్ల గురించి ఎవరడిగినా నేనే మాట్లాడతా అన్నాడు. ఆయన నంబరు రాసినావా?"

నిస్సీ చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టింది.

"రాసినా మామా."

"మంచి పని చేసినావు. నా ఇంగ్లీషు ఇంటే ఉద్యోగం పొయ్యేది," అని నవ్వాడు.

శనివారం నిస్సీ రెజ్యూమె మళ్లీ రాసింది. మామిడి గుజ్జు, మూడేళ్లు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా పనిలో ఉంటాను. పని ముగించే ముందు అప్పగింత ఎలా రాస్తానో ఒక్క వాక్యం. కింద మామ నంబరు, హాలండాయన నంబరు. ఇంకో కంపెనీకి పంపింది. మొదటిది పోయిన సంగతి మాత్రం మామకు చెప్పలేదు.

ఆదివారం చర్చిలో ప్రార్థన మధ్యలో మునికుమార్ ఫోను మోగింది. అందరూ తిరిగి చూశారు. ఆయన జేబు పట్టుకుని గబగబా బయటికి పోయాడు. కాసేపటికి తిరిగి వచ్చి, ఆడవాళ్ల వరసలో ఉన్న నిస్సీ వైపు చూసి, కంపెనీవాళ్లు కాదు, లారీ డ్రైవరని సైగ చేశాడు. ఫోను మాత్రం ఆపలేదు. కూర్చుని, పైకి తీసి అరచేతిలోనే పెట్టుకున్నాడు.

నిస్సీ తల వంచుకుని కళ్లు మూసుకుంది.