నా స్లైడ్లు, నతానియేలన్న నోరు

గొంతులో సన్న నరం చిట్లింది, వారం రోజులు నోరు విప్పకూడదు, గుసగుస కూడా వద్దు అని గుంటూరు డాక్టరుగారు చెప్పినప్పుడు మా ఆయన మొహంలో చిన్న నవ్వు మెరిసిందని నా అనుమానం. మెరిస్తే మెరిసింది. నా ఏడుపు వేరు. ఆ వారంలోనే అష్రఫ్ గారు వస్తున్నారు.

అష్రఫ్ గారు మిర్చి ఎగుమతి చేసే ఒక పెద్ద కంపెనీలో కొనుగోళ్లు చూస్తారు. అద్దంకి వైపు పల్లెల మిర్చి రైతులంతా కలిసి పెట్టుకున్న కంపెనీ మాది. అందులో నేను వ్యవసాయ సలహాదారుని. మందులు తగ్గించి పండించిన మా కాయను ఆయన నేరుగా కొంటారా, కొనరా అన్నది ఆ రోజే తేలాలి. కొనకపోతే మా కాయ మళ్లీ మార్కెట్ యార్డుకే పోయి అందరి కాయలో కలిసిపోతుంది. ఇన్నాళ్లూ నా మాట నమ్మి పురుగుని చూసి కూడా మందు కొట్టకుండా చేతులు కట్టుకున్నవాళ్లు వచ్చే ఏడు నన్ను గుమ్మం కూడా ఎక్కనివ్వరు.

"నువ్వు రాసియ్యవే జెస్సీ, నతానియేలు చెబుతాడు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది అతనేగా!" అన్నారు మా ప్రెసిడెంటు సామ్రాజ్యం గారు.

నతానియేలన్న మా ఫీల్డ్ సూపర్‌వైజరు, తనూ మిర్చి రైతే. గొంతు కంచు. సరే, కూర్చుని ప్రతి స్లైడు కిందా నేను చెప్పబోయే ప్రతి మాటా పొల్లుపోకుండా రాసిచ్చాను. మర్నాడు రిహార్సల్‌కి మా ఆఫీసు హాల్లో నిలబడి చదివాడు. ఏం చదివాడు! పురుగుమందు అవశేషాల పట్టికను బైబిల్లో నిర్గమకాండంలా చదివాడు. చివరి స్లైడు అయ్యాక, అలవాటు ఊరుకుంటుందా, "ఇంతటితో పాఠము ముగిసినది" అని భక్తిగా కూర్చున్నాడు. సామ్రాజ్యం గారు పడీపడీ నవ్వారు. నాకు నవ్వడానికీ లేదు, తిట్టడానికీ లేదు.

నతానియేలన్న మాత్రం నవ్వలేదు. మూడో కాగితం తీసి నా ముందు పెట్టాడు. "ఇక్కడ 'నేను కనిగిరి వైపు చేలన్నీ తిరిగి చూశాను' అనుందమ్మా. నేను అటు పోనేలా. మీరు చూసింది నేను చూశానని ఎట్టా చెప్పేది?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఉన్నది చదవండి చాలు" అని పలక మీద బరబరా గీకి చూపించాను. ఇంటికొచ్చాక గానీ నా బుర్రకి ఎక్కలేదు. నేను రాసిందంతా నా నోటికి రాసుకున్నాను. అతనికి అద్దె నోరు ఇవ్వబోయాను. వేరేవాళ్ల చెప్పుల్లో కాళ్లు పెట్టి ఎవడు గట్టిగా నడవగలడు?

అన్నీ చించి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ప్రతి స్లైడుకీ ముందు ఒకే మాట రాశాను: ఇది ఎందుకు ఉంది. దాని కింద మొదలెట్టాల్సిన వాక్యం, తర్వాతి స్లైడుకి దాటించే వాక్యం. మధ్యలో ఏం చెప్పాలో గుర్తులే తప్ప వాక్యాలు లేవు, అవి అతని మాటల్లోనే రావాలి. ప్రతి అంకె పక్కనా అది ఎక్కడిదో రాశాను, ఏ ల్యాబు, ఏ కోత. నేను చూసినవి "జెస్సీ గారు చూశారు" అని మార్చి, పక్కన "మీరు చూసింది ఉంటే అదే చెప్పండి" అన్నాను. రాగల ప్రశ్నలు విడిగా ఒక కాగితం. తెలియనిది అడిగితే ఊహించి చెప్పొద్దు, తెలియదనండి, ఎప్పటిలోగా పంపుతామో చెప్పండి. నా బదులు వచ్చానని క్షమాపణలు వద్దు, ఒక్క ముక్కలో చెప్పి పనిలోకి దిగండి. అన్నిటికన్నా పైన: "టైము తగ్గిస్తే రెండు, ఐదు, తొమ్మిది మాత్రమే."

ఏడో స్లైడు దగ్గర ఆగిపోయాను. ల్యాబు పరీక్షలో తప్పి, మేం పక్కన పెట్టేసిన లాటు గురించి అది. "ఒక రైతు" అని రాసి ఉంది. ఆ రైతు నతానియేలన్నే. పోయినేడు నల్లతామర పురుగు పడినప్పుడు, పురుగుమందుల కొట్టువాడి మాట విని, మాకు చెప్పకుండా కొట్టాడు. ఆఫీసులో అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తరు. అతని పరువు అతనికి ఉండనీ అని, "ఇది వదిలేయొచ్చు" అని రాశాను.

అష్రఫ్ గారు వస్తూనే వేరే ఊళ్లో పని ఉందని, అనుకున్న టైములో సగమే ఇస్తానన్నారు. వెనక కుర్చీలో నోరు కుట్టుకుని కూర్చున్నాను. నతానియేలన్న పై కాగితం వైపు ఒకసారి చూశాడు, అంతే. "జెస్సీ గారికి గొంతు బాగాలేదండి. ఆవిడ చేసిన పని నేను చెబుతాను" అని రెండో స్లైడు తెరిచాడు.

చదవలేదు, చెప్పాడు. చేలో రైతుతో మాట్లాడినట్టే చెప్పాడు. ఏ ల్యాబు అని అడిగితే తడుముకోకుండా చెప్పాడు. ఆరబోసేటప్పుడు బూజు విషం పరీక్ష ఎన్నిసార్లు అని అడిగితే, "అది నాకు తెలీదండి, రేపు సాయంత్రంలోగా జెస్సీ గారు రాసి పంపుతారు" అన్నాడు. అష్రఫ్ గారు తలూపి రాసుకున్నారు. నేను రాసిన కాగితాలేనా ఇవి అని నోరు తెరిచి చూస్తున్నాను.

ఐదో స్లైడు అయింది. తొమ్మిదికి వెళ్లాలి. ఏడుకి వెళ్లాడు.

సగం లేచాను. గొంతు ఉంటే ఆ క్షణాన "అన్నా, అది వద్దు!" అని అరిచేదాన్నే. అతను కాగితాలు బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

"ఇందులో 'ఒక రైతు' అనుందండి. ఆ రైతు నేనే. తామరపురుగు పడేసరికి భయమేసింది. కొట్టువాడిచ్చిన మందు తెచ్చి కొట్టా. వీళ్లకి చెప్పలా. ఊరూరా తిరిగి మందు కొట్టొద్దని చెప్పేది కూడా నేనేనండి. టెస్టులో బయటపడింది. బస్తా మీద నా చేను నంబరు ఉందిగా, నా కాయ ఒక్కటి కూడా మిగతావాళ్ల కాయలో కలవలా. సూపర్‌వైజర్నని కూడా చూళ్లా, ఆపేశారు."

ఆ స్లైడుని నేను ఎంతమందికి చూపించానో! ఎవరి మొహంలోనూ ఇప్పుడు అష్రఫ్ గారి మొహంలో ఉన్నది చూడలేదు.

"మరి ఈ ఏడు?" అన్నారాయన మెల్లగా.

"పురుగు ఈ ఏడూ వచ్చిందండి. నీలం జిగురు అట్టలు కట్టా, వేపనూనె కొట్టా. కొట్టు ముందు నుంచి పోయేటప్పుడల్లా మనసు పీకింది. లోపలికి మాత్రం పోలా."

"ఆ చేను దూరమా?"

"దగ్గరేనండి."

అష్రఫ్ గారు ల్యాప్‌టాప్ వైపు చూడనైనా చూడలేదు. ఫోను తీసి, అవతలి ఊరివాళ్లకి రేపు వస్తానని చెప్పారు. "మీ లాటుతోనే మొదలుపెడదాం. ముందు మీది పాసైతే మిగతావి తీసుకుంటాం. పదండి, చూపించండి" అన్నారు.

అందరూ జీపు వైపు కదిలారు. నతానియేలన్న మాత్రం వెనక్కి నా దగ్గరికి వచ్చాడు.

"మీరు వదిలెయ్యమని రాశారు. తప్పు చేశానా అమ్మా?"

రాయడానికి పలక తీశాను. అన్ని కాగితాలు రాసిన చెయ్యి, ఒక్క మాట రాయలేకపోయింది. పలక పక్కన పెట్టి, రెండు చేతులూ ఎత్తి ఆయనకి దణ్ణం పెట్టాను.