సీసం బాబాయ్ స్నానం

కడుపు మంటకు మందు ఉంటుంది గానీ, కడుపు కోతకు ఉండదు. బ్యాటరీ అక్కకు రెండూ ఉన్నాయి. మొదటి దానికి మాత్ర మింగేది. రెండో దానికి పగ పెట్టుకుంది.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. మలుపు దగ్గర రేకుల కొట్లో బండ్ల బ్యాటరీలు ఛార్జి పెట్టేది, ఇళ్ళకు వెళ్ళి ఇన్వర్టర్లలో డిస్టిల్డ్ వాటర్ పోసేది. యాసిడ్ చుక్కలు పడి చీర కుచ్చిళ్ళు జల్లెడ అయినా లెక్క చేసేది కాదు. మొగుడు ఆటో నడిపేవాడు. ఎవరైనా తన కాలు తొక్కితే తానే క్షమాపణ చెప్పే రకం మనిషి.

వాళ్ళ కూతురు మాటల పుట్టగా ఉండేది. నోట్లో పాలపళ్ళు పూర్తిగా రాకముందే కొట్లో తీగలు పట్టుకుని "ఎరుపు ప్లస్సు, నలుపు మైనస్సు" అని పాఠం చెప్పేది. తిరగేసి పెడితే "అమ్మా, టప్ అంటుంది!" అని తల్లినే గదమాయించేది. అలాంటి పిల్ల మెల్లమెల్లగా మందగించింది. అన్నం ముందు పెడితే మొహం తిప్పుకుంది. కడుపు పట్టుకుని మూలన ముడుచుకుంది. బడిలో పంతులమ్మ "పరధ్యానం ఎక్కువైంది" అంది. ఒకరోజు కొట్లో ఎర్ర తీగను ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసి, "అమ్మా, ఇదేంటి?" అని అడిగింది. బ్యాటరీ అక్క అప్పటికప్పుడు కొట్టు మూసి పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, కాగితం పక్కన పెట్టి, నేరుగా చెప్పింది. "ఒంట్లో సీసం ఉందమ్మా. పిల్లలు నేల మీద ఆడి, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. అలా వెళ్ళింది. ఐరన్, కాల్షియం ఇస్తాను, తిండి బాగా పెట్టు. కానీ సీసం వచ్చే దారి మూయకపోతే ఏ మందూ పనిచేయదు."

"పోయిన మాటలు తిరిగి వస్తాయా?"

"కొన్ని మళ్ళీ నేర్చుకోవచ్చు. అన్నీ వస్తాయని నేను చెప్పలేను."

సీసం వచ్చే దారి ఏదో ఎవర్నీ అడగక్కర్లేదు. బ్యాటరీ అక్క ముందు తన కొట్టునే అనుమానించింది. పని చీర కొట్లోనే విడిచి, సబ్బుతో చేతులు కడిగి గానీ ఇంటికి వెళ్ళేది కాదు. పిల్లను కొట్లోకి రానివ్వడం మానేసింది. అయినా పిల్ల కోలుకోలేదు. ఇంటి వెనక గోడ అవతలే సీసం బాబాయ్ షెడ్డు ఉంది మరి.

సీసం బాబాయ్‌ది పాత వ్యాపారం. ఊళ్ళో చచ్చిన ప్రతి బ్యాటరీ చివరికి ఆయన వాకిట్లోకే చేరేది. అక్కడ యాసిడ్‌ను కాలవలోకి ఒంపేసేవాళ్ళు. గొడ్డలితో డబ్బా పగలగొట్టి ప్లేట్లు లాగేవాళ్ళు. గుంటలో బొగ్గు మీద ప్లేట్లు పోసి బ్లోయర్ వేస్తే కరిగిన సీసం అడుగుకు దిగేది, దాన్ని అచ్చుల్లో పోసి కడ్డీలు చేసేవాళ్ళు. మిగిలిన బూడిద, చిట్టెం గేటు పక్కనే కుప్ప. పొగ మాత్రం చుట్టుపక్కల ఇళ్ళకు ఉచితం. గొంతు మండేది, గిన్నెల మీద బూడిదరంగు పొడి పేరుకునేది.

బ్యాటరీ అక్క ఆయనకు పాత బ్యాటరీలు ఇవ్వడం మానేసి, యాసిడ్ ఒంపకుండా నిలబెట్టి తీసుకెళ్ళే లైసెన్సున్న ఫ్యాక్టరీ లారీకి ఇవ్వసాగింది. మిగతా మెకానిక్కులు మానలేదు. కాలుష్య నియంత్రణ ఆఫీసుకు ఫిర్యాదు చేసింది. ఆఫీసరు వచ్చే వేళకు కొలిమి చల్లగా ఉంది, గుంట మీద పట్టా కప్పి ఉంది. దొరికితేనే కదా దొంగ!

చివరికి ఆమే గేటు దగ్గరికి వెళ్ళి అడిగింది. పని ఆపి అందరూ విన్నారు.

"బాబాయ్, నా పిల్ల రక్తంలో సీసం ఉందంట. నీ పొగే. ఇక్కడ్నుంచి తీసెయ్."

సీసం బాబాయ్ పెద్దగా నవ్వాడు. బనీను మీద పొట్ట చరుచుకున్నాడు. "ఏమ్మా, నేను పుట్టిన దగ్గర్నుంచీ ఈ పొగే పీలుస్తున్నాను. బండలా లేనూ? సీసం గాలి తగిలితే చచ్చేట్టయితే నేను ఎప్పుడో పోయేవాణ్ణి. పిల్లకు తిండి సరిగ్గా పెట్టుకో. డాక్టర్లు చెప్పేవన్నీ నమ్మితే ఊపిరి కూడా పీల్చలేం."

గొడ్డలి పట్టుకున్నవాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళ తప్పేం లేదు. యజమాని రోజూ తమ పక్కనే నిలబడుతున్నాడు, ఆయనకేం కాలేదు, ఇంక భయం దేనికి? ఆ పొట్టే ఆయన సర్టిఫికెట్టు. మధ్యాహ్నం భార్యలు క్యారియర్లు తెచ్చేవాళ్ళు. వాళ్ళ పిల్లలు ఆ బూడిద కుప్ప మీదే జారుడుబల్ల ఆడేవాళ్ళు.

"పిల్లకు తిండి సరిగ్గా పెట్టుకో" అన్న మాట బ్యాటరీ అక్కకు పుండు మీద కారం అయింది. అన్నం కలుపుతుంటే వినిపించేది, జడ వేస్తుంటే వినిపించేది. ఆ మనిషిని కొలిమిలో తోసి బ్లోయర్ వేయాలనిపించేది. ఆ కోరికకు ఆమె సిగ్గుపడలేదు. "పోనీలే, ఇల్లు మారదాం" అని మొగుడు గొణిగితే, "మారేది మనం కాదు" అంది.

దారి అనుకోకుండా దొరికింది. సీసం బాబాయ్ కోడలు కబురు పెట్టింది, ఇన్వర్టర్‌లో ఛార్జి నిలబడటం లేదని. ఆ ఇల్లు ఊరి అవతల, గాలి అటు వీచని వైపు. తెల్లటి గోడలు, మొక్కలు. బ్యాటరీ అక్క మూతలు తీసి బ్యాటరీలోని ఒక్కో గదిలో ఛార్జి కొలిచే హైడ్రోమీటర్ ముంచి చూసింది. ఒక గది చచ్చిపోయింది. ఇంక నీళ్ళు పోసినా దండగే.

"కొత్తది వేయాలమ్మా. ఇంతకీ బ్యాటరీని వరండాలో, అదీ జాలీ గదిలో పెట్టారేంటి?"

కోడలు మురిపెంగా చెప్పింది. "మామయ్యగారి పట్టుదల అక్కా. బ్యాటరీ అనేది ఇంట్లోకే రాకూడదంటారు. ఆయన శుభ్రం చూస్తే ఆశ్చర్యపోతారు. పెరటి గేటు దగ్గర ఆయనకు వేరే స్నానాల గది ఉంది. షెడ్డు బట్టలు, చెప్పులు అక్కడే వదిలేసి, తలంటుకుని, గోళ్ళు బ్రష్షుతో రుద్దుకుని గానీ మా పాపని ముట్టుకోరు. ఒకసారి పాప పరిగెత్తుకుంటూ ఎదురెళ్తే కొట్టినంత పని చేశారు. షెడ్డు దగ్గరికైతే మమ్మల్ని అసలు రానివ్వరు."

"ఎందుకట?"

"ఎండ ఎక్కువంటారు."

బ్యాటరీ అక్క హైడ్రోమీటర్ తుడిచి సంచిలో పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆయన తెలియనివాడని తిట్టుకుంది. కాదు, తెలుసు! గోళ్ళ సందుల దాకా తెలుసు. తన మనవరాలికి బ్రష్షు, తన కూతురికి బూడిద. అప్పుడు ఆమెకు ఏడుపు రాలేదు, ఒక రకమైన ప్రశాంతత వచ్చింది.

"రేపు మధ్యాహ్నం మా ఆయన ఆటోలో కొత్త బ్యాటరీ తెస్తాను. మామయ్యగారు చూసి సరే అంటేనే కదా బిగించేది. మీరూ రండి, షెడ్డు దగ్గరే అడిగేద్దాం," అంది.

"తాతయ్య షెడ్డు! నేనూ వస్తా!" అని పాప గంతులేస్తే, గేటు దాకానే కదా అని కోడలు ఒప్పుకుంది.

ఆ రాత్రి బ్యాటరీ అక్క తనతో తాను ఒక ఒట్టు పెట్టుకుంది. ఆ పిల్ల కాలు ఆ మట్టికి తగలకూడదు. వాడు చేసిన పని తాను చేస్తే పగకు విలువేముంది? మర్నాడు తలస్నానం చేసి, పెట్టెలోంచి ఉతికిన చీర తీసి కట్టుకుంది. పెళ్ళికి వెళ్తున్నావా అని మొగుడు అడిగితే, దాదాపు అలాంటిదే అంది.

క్యారియర్ల వేళకు ఆటో షెడ్డు గేటు ముందు ఆగింది. కొలిమి ఎర్రగా ఉంది. పనివాళ్ళు చేతులు తుడుచుకుంటున్నారు, భార్యలు మూతలు విప్పుతున్నారు, పిల్లలు కుప్ప మీద కేరింతలు కొడుతున్నారు. సరుకు దింపడానికి వచ్చిన ఇద్దరు మెకానిక్కులు కూడా అక్కడే ఉన్నారు. సీసం బాబాయ్ కొలిమి పక్కన వీపు తిప్పి నిలబడ్డాడు.

బ్యాటరీ అక్క పాపను చంకనెత్తుకుని దిగింది, వెనకే కోడలు దిగింది. గేటు గీత దగ్గర ఆగి, నింపాదిగా పిలిచింది. "బాబాయ్! ఎవరొచ్చారో చూడు!"

"తాతయ్యా!" అని పాప చేతులు చాపింది. కుప్ప మీద పిల్లలను చూసి, "నేనూ ఆడుకుంటా, దింపు!" అని కాళ్ళు కొట్టుకుంది. బ్యాటరీ అక్క దింపబోతున్నట్టు కొంచెం వంగింది. చేతుల పట్టు మాత్రం వదల్లేదు.

సీసం బాబాయ్ వెనక్కి తిరిగాడు. ఆ మొహంలో రక్తం లేదు.

"దింపకు!" అని అరిచాడు. ఆ అరుపుకు బ్లోయర్ చప్పుడు కూడా చిన్నదయింది. "నేల మీద దింపకు! దేన్నీ ముట్టుకోనివ్వకు! నోట్లో చెయ్యి పెట్టనివ్వకు! ఎవరు తెమ్మన్నారు దీన్ని? తీసుకుపో, అదంతా విషం!"

అనేశాక గానీ తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. ముందుకు రెండడుగులు వేసి, మనవరాలిని అందుకోబోయి, తన చేతులు చూసుకుని ఆగిపోయాడు.

బ్యాటరీ అక్క గొంతు పెంచలేదు. "విషమా బాబాయ్? మొన్న బండలా లేనా అన్నావు. నా పిల్లకు తిండి సరిగ్గా పెట్టుకోమన్నావు. మరి నీ పిల్లకు స్నానాల గది ఎందుకు కట్టావు? గోళ్ళకు బ్రష్షు ఎందుకు కొన్నావు? వీళ్ళకు ఒక్క సబ్బు బిళ్ళ అయినా ఇచ్చావా ఎప్పుడైనా?"

"అది… ఊరికే… జాగ్రత్తకి…" అన్నాడు ఆయన. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చేతులు లుంగీకి తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఒక తల్లి ముందు లేచింది. కుప్ప మీదకు వెళ్ళి తన కొడుకును రెక్క పట్టి లాగింది. వాడి అరచేతులు తిప్పి చూసి, కొంగుతో గట్టిగా తుడవసాగింది. ఇంకో తల్లి లేచింది. తర్వాత ఎవరినీ ఎవరూ పిలవలేదు, కుప్ప ఖాళీ అయింది. గొడ్డలి మనిషి గొడ్డలిని చూశాడు, యజమానిని చూశాడు.

"మాకెందుకు చెప్పలేదయ్యా?" అన్నాడు. తిట్టలేదు, అడిగాడు. గొడ్డలి కింద పెట్టి, అన్నం ముట్టకుండా భార్య వెంట బయటికి నడిచాడు. మెకానిక్కులు దింపిన బ్యాటరీలను మళ్ళీ బండెక్కించారు.

కోడలు పాపను అందుకుంది. గబగబా మళ్ళీ ఆటో ఎక్కింది. "ఈవేళ తాతయ్య స్నానం చేశాక కూడా ఎత్తుకోరా?" అని పాప అడిగితే, "ఎత్తుకోరు" అంది, ఆయనకు వినపడేట్టు. ఆ మాటకు సీసం బాబాయ్ అక్కడే కూలబడ్డాడు. అందరి పిల్లలనూ ఆడనిచ్చిన ఆ బూడిదలోనే.

బ్యాటరీ అక్క ఆ దృశ్యాన్ని తృప్తిగా చూసింది. తృప్తి కాదని అబద్ధం చెప్పడం ఎందుకు? కరువు తీరా చూసింది.

కొలిమి మళ్ళీ వెలగలేదు. నిప్పు దగ్గర నిలబడే మనిషే దొరకలేదు. ఈసారి ఆఫీసరు వచ్చేసరికి సాక్ష్యం చెప్పడానికి గొడ్డలి మనిషే ముందు నిలబడ్డాడు. కానీ పొగ ఆగినంత మాత్రాన మట్టిలో సీసం మాయం కాదు. పై మట్టి తవ్వించి తీయించేదాకా బ్యాటరీ అక్క ఊరుకోలేదు. ఇల్లు చీపురుతో ఊడవడం మాని, రోజూ తడిగుడ్డతో తుడిచేది.

ఒక సాయంత్రం ఇంటి మెట్ల మీద కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కొత్త తీగలు రెండు చేతికిచ్చింది. పిల్ల ఎర్రది ఎత్తి చూసింది, నల్లది చూసింది, పెదవులు కదిపింది.

"అమ్మా, ఇదేంటి?"

"ఎరుపు ప్లస్సు, తల్లీ," అంది బ్యాటరీ అక్క. నిన్న కూడా అదే చెప్పింది.