యాభై మంది పోచయ్యలు

నరేందర్ సర్వే మొత్తం మూడు మధ్యాహ్నాల్లో అయిపోయింది. రాయదుర్గం మెట్రో స్టేషన్ కింద ఆటో అడ్డాలో యాభై మంది డ్రైవర్లను అడిగి, వాళ్ల కష్టసుఖాలు రాసుకుని, శాతాలు కట్టాడు. ఆ యాభై మంది పేర్లూ పోచయ్యే. అందరిదీ మూసాపేటే. అందరికీ ఎడమ మోకాలు నొప్పే. అందరూ నరేందర్‌కు వరసకు కాకే అవుతారు.

నిజానికి అక్కడ ఉన్నది ఒక్క పోచయ్య. మిరపకాయ బజ్జీలు తింటూ మూడు రోజులు మాట్లాడాడు. మిగతా నలభై తొమ్మిది మందిని నరేందర్ ల్యాప్‌టాప్ కన్నది.

అతను కొండాపూర్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో మెకానికల్ చదువుతున్నాడు. జర్మన్ మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా, తీసుకున్నాడు. పోయిన ఏడాది జర్మన్ మౌఖిక పరీక్షలో తప్పాడు. ఈసారి పది నిమిషాల రెఫెరాట్, అంటే తరగతి ముందు నిలబడి చెప్పే ప్రసంగం, పాస్ కాకపోతే మైనర్ పోతుంది. మైనర్ పోతే మరో ఏడాది అక్కడే ఉండి, పిల్లల తరగతిలో తాతలా కూర్చోవాలి. అందుకని అంశం గట్టిగా ఎంచుకున్నాడు: మెట్రో దిగినవాళ్లు ఆఫీసుకు చేరే ఆఖరి కిలోమీటరు, మధ్యాహ్నం ఖాళీగా నిలబడే ఆటోలు.

జర్మన్ చెప్పే ప్రశాంతి మేడమ్ నెల్లాళ్లుగా ఒకటే నూరిపోసింది. స్లయిడ్ మీద వాక్యాలు రాయొద్దు, మాటలు రాయండి. "డ్రైవర్లు చాలాసేపు ఎదురుచూస్తారు" అని కాదు, "Lange Wartezeiten", సుదీర్ఘ నిరీక్షణ, అని. ముందు పలకరింపు, తర్వాత విషయం ఎన్ని భాగాలో చెప్పడం, ఒక భాగం అయి ఇంకో భాగానికి పోతున్నప్పుడు వినేవాళ్లకు ఆ సంగతి తెలియజేయడం, చివర సారాంశం. ప్రశ్న అర్థం కాకపోతే "నేను మిమ్మల్ని సరిగ్గా అర్థం చేసుకున్నానా" అని తిరిగి అడగండి. జవాబు తెలియకపోతే "డా బిన్ ఇహ్ లైడర్ ఊబర్‌ఫ్రాగ్ట్" అనండి, నాకు తెలియదని మర్యాదగా ఒప్పుకోవడం. పొరపాటు మాట దొర్లితే "ఇహ్ ముస్ మిహ్ కొరిగీరెన్", నా మాట నేను దిద్దుకోవాలి అనండి.

ఆఖరి రెండూ నరేందర్ నోట్‌బుక్‌లో రాసుకోలేదు. తెలియదని ఒప్పుకోవడానికి కూడా ఒక వాక్యం బట్టీ పట్టాలా అనుకున్నాడు. దాని బదులు స్నేహితుడు దినేశ్‌తో ఒక ప్రశ్న సెట్ చేసుకున్నాడు. ప్రశ్నా తనదే, జవాబూ తనదే, గొంతు మాత్రం దినేశ్‌ది.

రెఫెరాట్ రోజు నరేందర్ పోచయ్య కాక ఆటోలోనే కాలేజీకి వచ్చాడు. గేటు దగ్గర దిగేటప్పటికి మనసంతా పలకరింపు వాక్యంలో ఉండటంతో ల్యాప్‌టాప్ చార్జర్ వెనక సీటు మీదే వదిలేశాడు.

క్లాసులో పద్దెనిమిది మంది, ప్రశాంతి మేడమ్, ఆమె పక్కన రెండు వారాలకు జర్మనీ నుంచి వచ్చిన టీచరు ఫ్రౌ కెల్లర్, అంటే శ్రీమతి కెల్లర్. మార్కులు ఇద్దరూ కలిసి వేస్తారు. ఆ గంటలో జర్మన్ తప్ప ఇంకో భాష మాట్లాడకూడదని నియమం.

"జేర్ గెయేర్టె ఫ్రౌ కెల్లర్" అని మొదలుపెట్టాడు. గౌరవనీయులు, సహాధ్యాయులు, అందరినీ పలకరించాడు. తన రెఫెరాట్ మూడు భాగాలని చెప్పాడు, మూడు వేళ్లు చూపించాడు. మొదట పరిస్థితి, తర్వాత సర్వే, చివర సారాంశం. ఒక్క వాక్యం కూడా తడబడలేదు. నాలుగో స్లయిడ్ వచ్చింది.

Umfrage: 50 Fahrer
82 %: keine Fahrgäste von 11 bis 16 Uhr

పక్కనే కాక ఫొటో, ఖాకీ చొక్కా, గోడంత సైజులో. "ఈ స్లయిడ్ మీద మీరు చూస్తున్నట్టుగా" అంటూ చేయి చాపి, యాభై మందిలో ఎనభై రెండు శాతం అంటే నలభై ఒక్క మందికి పదకొండు నుంచి నాలుగు దాకా ఒక్క బేరమూ ఉండదని చెప్పాడు. లెక్క సరిపోయింది. అంత అందంగా సరిపోయిన లెక్క ఆ యూనివర్సిటీ పుట్టాక ఇదే మొదటిది.

ధన్యవాదాలు చెప్పి, ప్రశ్నలుంటే సంతోషంగా జవాబిస్తానని ముగించాడు. జర్మనీలో చప్పట్లకు బదులు చేసినట్టు అందరూ వేళ్ల కణుపులతో బల్లలు కొట్టారు. దినేశ్ చెయ్యెత్తాడు, సెట్ చేసిన ప్రశ్న అడిగాడు. నరేందర్ ఒక క్షణం ఆలోచిస్తున్నట్టు పైకప్పు చూసి, "ఇది చాలా ఆసక్తికరమైన ప్రశ్న" అని వారం కిందట బట్టీ పట్టిన జవాబు అప్పగించాడు.

అప్పుడు ఫ్రౌ కెల్లర్ అడిగింది. మెల్లగా, అర్థమయ్యేటట్టే. ఆ యాభై మందిని ఎలా ఎంచుకున్నారు?

నరేందర్ ముందు ప్రశ్నను తిరిగి చెప్పాడు. నేను మిమ్మల్ని సరిగ్గా అర్థం చేసుకున్నట్టయితే, ఎలా ఎంచుకున్నానని అడుగుతున్నారు. అవునంది ఆమె. దాంతో ఐదు సెకన్లు దొరికాయి, వాటిల్లో ఏమీ దొరకలేదు. యాదృచ్ఛికంగా, అన్నాడు. వరసలో ప్రతి మూడో ఆటోను ఆపి అడిగానన్నాడు. అడ్డాలో ఆగి ఉన్న ఆటోను మళ్లీ ఎలా ఆపుతారని ఎవరూ అడగలేదు. ఆమె ఏదో రాసుకుంది. ల్యాప్‌టాప్ తెర మీద బ్యాటరీ అయిపోతోందని ఎర్రగుర్తు వచ్చింది.

తలుపు మీద ఎవరో కొట్టారు. చార్జర్‌ను పసిపాపలా రెండు చేతుల్లో పట్టుకుని పోచయ్య నిలబడి ఉన్నాడు. గోడ మీద తన మొహం తనకే కనబడేసరికి చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చాడు. ఫ్రౌ కెల్లర్ గోడ మీది మనిషినీ, గడపలో మనిషినీ చూసి లేచి నిలబడింది. సర్వేలో పాల్గొన్నవారు స్వయంగా వచ్చారు, ఇంతకంటే ఏం కావాలి, ఒక్క ప్రశ్న అడగనా, మీరు అనువదిస్తారా అంది.

నరేందర్‌కు వద్దనే వాక్యం ఏ పాఠంలోనూ నేర్పలేదు.

"మీ అడ్డాలో మిగతా డ్రైవర్లు కూడా ఈ సర్వేలో ఉన్నారా, వాళ్లకు ఎలా అనిపించింది అని అడుగుతున్రు కాకా" అన్నాడు.

పోచయ్య నవ్వాడు. "మిగతోళ్లా? ఎవ్వరు లేరు. నన్నొక్కన్నే గద బిడ్డా అడిగినవ్, మూడు దినాలు. ఆల్లందరు కుళ్లుకుంటున్రు, మమ్మల్నెందుకు అడగలే అని."

నరేందర్ తిరిగి ఫ్రౌ కెల్లర్ వైపు చూశాడు. అందరూ ఎంతో ఇష్టంగా పాల్గొన్నారని ఈయన అంటున్నారు, అన్నాడు జర్మన్‌లో. వ్యాకరణంలో ఒక్క తప్పు లేదు.

ప్రశాంతి మేడమ్ రాస్తున్న పెన్నుకు మూత పెట్టింది. మార్కులు వేసే ఇద్దరిలో తెలుగూ జర్మనూ రెండూ వచ్చింది ఆమెకే. కాక మాటా, నరేందర్ అబద్ధమూ రెండూ విన్నది. అతన్నే చూస్తూ ఉంది. నరేందర్ చెవులు ఎంత వేడెక్కాయంటే వాటి మీద ఇస్త్రీ చేసుకోవచ్చు.

ఫ్రౌ కెల్లర్‌కు పోచయ్య నచ్చాడు. ఈ అంకెలు చూస్తే మీకేమనిపిస్తోంది, నిజంగా ఇలాగే ఉందా అని అడగమంది. నరేందర్ అడిగాడు.

పోచయ్య గోడ మీది తెర కేసి చూశాడు. అక్షరాలు తెలియవు. తెలిసింది తన ఫొటో ఒక్కటే. "గవన్ని నాకు తెల్వయ్ బిడ్డా. కానీ జెప్పు మేడమ్‌కు. మావోడు రాసిండంటే నిజమే ఉంటది. మావోడు అబద్ధమాడడు."

చెప్పమన్నాడు. చెప్పాలి. పద్దెనిమిది మంది ఎదురుచూస్తున్నారు. వాళ్లలో సగం మందికి తెలుగు వచ్చు గనక ఏం చెప్పాలో వాళ్లకూ తెలుసు. దినేశ్ తన బూట్ల లేసులు చాలా శ్రద్ధగా చూసుకుంటున్నాడు.

"ఈయన అంటున్నారు" అని నరేందర్ జర్మన్‌లో మొదలుపెట్టాడు. "నేను అబద్ధమాడనని."

ఆ వాక్యం చివర క్రియ దాకా వెళ్లి అక్కడ ఆగింది. ఫ్యాన్ తిరుగుతోంది. కాక నవ్వుతూ తలూపుతున్నాడు.

"ఇహ్ ముస్ మిహ్ కొరిగీరెన్."

రాసుకోకపోయినా, నా మాట నేను దిద్దుకోవాలి అనే ఆ వాక్యం వచ్చింది. ఆ తర్వాత దేనికీ సిద్ధంగా వాక్యాలు లేవు. మాటలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ, కాలాలు తప్పుతూ చెప్పాడు. యాభై మంది లేరు. ఒక్కరే. ప్రతి మూడో ఆటో లేదు. ఇందాక ఈయన చెప్పింది నన్నొక్కన్నే అడిగాడని. నేను మార్చి చెప్పాను.

ఫ్రౌ కెల్లర్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. అలాగైతే స్లయిడ్ మీద నిజంగా జరిగిందే రాయండి, ఇప్పుడే, అంది.

అందరూ చూస్తుండగా చార్జర్ పెట్టి, గోడ మీదే చెరిపాడు. 50 పోయింది, శాతం పోయింది. "Gespräch mit einem Fahrer" అని కొట్టాడు, ఒక డ్రైవర్‌తో సంభాషణ. అంత పెద్ద గోడ మీద కాక ఫొటో, దాని పక్కన నాలుగు మాటలు. వెనక ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. ఈసారి బల్లలు ఎవరూ కొట్టలేదు. పోచయ్యకు మాత్రం అంతా బాగానే జరుగుతున్నట్టు అనిపించి, తన పని అయిపోయిందని దండం పెట్టి బయటికి నడిచాడు.

గంట తర్వాత ప్రశాంతి మేడమ్ కాగితం ఇచ్చింది. పాస్ కాలేదు. వచ్చే గురువారం ఇదే అంశం మళ్లీ చెప్పుకోవచ్చు, అదే చివరిసారి.

"లేని నలభై తొమ్మిది మందిని పుట్టించావు, అది కుర్రతనం అనుకుంటాను" అంది ఆమె. "ఎదురుగా నిలబడ్డ మనిషి నోట్లో మాట మార్చేశావు చూడు. ఆయనకు తెలియదనే కదా."

అవును మేడమ్ అన్నాడు.

కింద పోచయ్య ఆటో తుడుస్తున్నాడు. మస్తు చెప్పినవ్ అన్నాడు. నా మాట చెప్పంగనే అందరు గమ్మునైన్రు, గా దొరసాని నా దిక్కే చూసింది, ఏం సమజైందో ఏమో అని మురిసిపోయాడు. నరేందర్ వెనక సీట్లో కూర్చున్నాడు. ముందు పలకరింపు, తర్వాత మూడు భాగాలు, చివర సారాంశం. కొత్తగూడ చౌరస్తా దాకా ఒక్క భాగమూ మొదలవలేదు.

"కాకా, నువ్ జెప్పింది నేను ఆమెకు తప్పు జెప్పిన" అన్నాడు చివరికి. "యాభై మందిని అడిగిన్నని రాసిన. నువ్ నన్నొక్కన్నే అన్నవ్. నేను అందర్ని అడిగిన్నని నువ్ అన్నట్టు చెప్పిన."

పోచయ్య అద్దంలో చూడలేదు. గ్రీన్ సిగ్నల్ పడింది, బండి కదిలింది.

"మా అడ్డాల ఉన్నయే పద్నాలుగు ఆటోలు" అన్నాడు. గేరు మార్చి, "మావోడు అబద్ధమాడడని ఎందుకన్న మరి అందరి ముందల" అన్నాడు. అది నరేందర్‌ను అడిగినట్టు లేదు. బిడ్డా అనలేదు.

ఇంటికి పోయే మూసాపేట దారికి తిప్పాల్సిన చోట బండి తిప్పలేదు. రాయదుర్గం స్టేషన్ కింద ఆటో ఆపాడు. ఎండకు పదకొండు ఆటోలు వరసగా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు వెనక సీట్లలో కాళ్లు బయటపెట్టి పడుకుని ఉన్నారు. పోచయ్య దిగి అందరినీ లేపాడు.

"మా అన్న కొడుకు. గురువారం దాక ఈడ్నే ఉంటడు. మిమ్మల్నేదో అడుగుతడట, ఉన్నది జెప్పున్రి." ఆగి, నరేందర్ చేతిలోని నోట్‌బుక్ వైపు చూశాడు. "వీడు రాసినంక సదివిచ్చుకోన్రి."

మొదటి డ్రైవర్ కళ్లు నులుముకుంటూ, పొద్దున్నుంచి రెండే బేరాలు తగిలినయన్నాడు. నరేందర్ రాశాడు. డ్రైవర్ చెయ్యి చాపి, ఏం రాసినవో జర సదువు అన్నాడు. పోచయ్య పక్కనే నిలబడి వింటున్నాడు.

నరేందర్ చదివాడు. పొద్దున్నుంచి రెండు బేరాలు.

"గట్టిగ సదువు" అన్నాడు పోచయ్య.