ఐదు మ్యాచ్‌లు, ఐదు మాటలు

తప్పు నాదే. పోయిన నెల నూజివీడులో ఒకే రోజు ఐదు మహిళా కబడ్డీ లీగ్ మ్యాచ్‌లు జరిగాయి. పేపర్‌కి విలేకరిగా చేరి రెండు నెలలైనా కాలేదు, ఐదింటికీ నేనే రాయాలి. అన్నిటికీ 'ఓడించింది' అని రాస్తే డెస్క్‌లో దుర్గాప్రసాద్ గారు చివాట్లు పెడతారు. అందుకని పెళ్లిలో తాంబూలాలు పంచినట్టు వరసగా పంచేశాను. మొదటి మ్యాచ్‌కి 'ఓడించింది', రెండోదానికి 'పైచేయి సాధించింది', మూడోదానికి 'మట్టికరిపించింది', ఐదోదానికి 'ఇంటికి పంపింది'. నాలుగోదానికి 'చిత్తు చేసింది' వచ్చింది. రెడ్డిగూడెం ఆ మ్యాచ్‌లో ఓడింది 28-26తో. రెండే రెండు పాయింట్లు!

వారం తర్వాత రెడ్డిగూడెం కెప్టెన్ దయామణి నన్ను బస్టాండులో పట్టుకుంది. ఆ అమ్మాయి బసవపున్నారావు గారి మామిడి షెడ్డులో కాయలు గ్రేడింగ్ చేస్తుంది.

"రెండు పాయింట్లకి చిత్తేంటండీ మేడం? మా అయ్యగారు పేపర్ చదివి, చిత్తుగా ఓడే ఆటకి సెలవులెందుకమ్మా, కోతలు చూసుకో అన్నారు. మిగతావి గెలిచి ఫైనల్‌కి వచ్చాం కాబట్టి ఒక్కపూట ఇచ్చారు. అందులోనూ ఇలాగే రాస్తే నేనింక జిల్లా సెలక్షన్లకి వెళ్లను, కాయలు ఏరుకుంటాను."

నా మొహం మాడిపోయింది. ఆ అమ్మాయి కోపంగా అడిగినా బాగుండేది.

ఫైనల్ నిన్న సాయంత్రం, మైలవరంతో. సగం ఆటకి మైలవరం 23, రెడ్డిగూడెం 12. అప్పుడే దుర్గాప్రసాద్ గారి ఫోన్.

"హారికా, పదకొండు తేడానా? 'రెడ్డిగూడెం చిత్తు' అని హెడ్డింగ్ కట్టేశాను. పెద్దక్షరాల్లో బ్రహ్మాండంగా కూర్చుంది. చివరి స్కోరొక్కటి పంపు, ఏడింటికి పేజీ వెళ్లిపోతుంది."

"సార్, ఇంకా పదిహేను నిమిషాల ఆట ఉందండీ!"

"పదకొండు తేడా ఎవరు తీస్తారమ్మా?"

దయామణి తీసింది! రెండో సగంలో మొదటి కూతకే ఇద్దరిని తాకి వచ్చింది. తర్వాత మైలవరం రైడర్‌ని ముగ్గురు కలిసి గీత దాటకుండా పడేశారు. పది నిమిషాల్లో మైలవరం కోర్టు మొత్తం ఖాళీ, ఆలౌట్! దానికి అదనంగా రెండు పాయింట్లు. నేను రాసుకోవడం మానేసి కుర్చీ ఎక్కాను. విలేకరి అరవకూడదంటారు. అరిచాను.

ఆఖరి కూత. మైలవరం 32, రెడ్డిగూడెం 30. దయామణి వెళ్లింది. ఒకమ్మాయిని తాకింది, రెండో అమ్మాయి కోసం చెయ్యి చాచింది, వేలెడు దూరంలో తప్పింది. మొదట తాకిన అమ్మాయే చీలమండ పట్టుకోబోతే విదిలించుకుని గీత మీదికి దూకింది. విజిల్. 32-31. ఓడిపోయారు. అయినా గ్రౌండంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది.

ఆరూ నలభై ఎనిమిది. ఫోన్ చేశాను.

"సార్, చిత్తు తీసేయండి. ఒక్క పాయింటు!"

"ఓడారా లేదా?"

"ఓడారు సార్. కానీ చిత్తంటే కనీసం పోటీ కూడా ఇవ్వలేదని కదండీ. పోయిన నెల నేనే అలా రాసి ఒకమ్మాయికి సెలవు లేకుండా చేశాను. మళ్లీ చేయలేను."



"మరేం పెట్టమంటావ్? తొందరగా చెప్పు."

"గట్టెక్కిన మైలవరం."

"చాలా పొడుగమ్మా. పట్టదు."

"అక్షరాలు చిన్నవి చేయండి సార్!" అని అరిచాను. పక్కన స్కోరర్ ఉలిక్కిపడ్డాడు. దుర్గాప్రసాద్ గారు ఫోన్ పెట్టేశారు.

రాత్రి నాకు నిద్ర లేదు. పొద్దున్నే పేపర్ కొని, తెరిచే ధైర్యం లేక, అలాగే పట్టుకుని షెడ్డుకి పోయాను. బసవపున్నారావు గారు అప్పటికే పేపర్ విప్పి కూర్చున్నారు. కాయల కుప్ప దగ్గర దయామణి, మోకాలికి కట్టు. నన్ను చూసి కూడా చూడనట్టే ఉంది.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని పైకి చదివారు.

"'ఒక్క పాయింటుతో గట్టెక్కిన మైలవరం. చివరి కూత వరకు చెమటలు పట్టించిన రెడ్డిగూడెం.'"

ఇంకోసారి చదివారు, ఈసారి గొంతు పెంచి, షెడ్డులో అందరికీ వినపడేలా.

"గట్టెక్కిందటయ్యా మైలవరం! మనోళ్లు ఏడిపించేశారన్నమాట."

పోయిన నెల 'చిత్తుగా ఓడే ఆట' అన్న పెద్దమనిషి నోట 'మనోళ్లు'! నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

"ఏమ్మా దయామణీ, ఆ సెలక్షన్లు ఎప్పుడన్నావ్?"

దయామణి చేతిలో కాయ బుట్టలో పెట్టలేదు, కింద పెట్టలేదు.

"పదహారో తారీకండి," అంది.

"ఆ రోజు నువ్వు షెడ్డులో కనపడ్డావంటే ఊరుకోను."