నిర్మల బుధవారాలు

శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు మీద మా సూట్‌కేసుల దుకాణం ఉంది. విమానం ఎక్కేవాళ్లు రోజూ ఉంటారు కాబట్టి దుకాణం రోజూ తెరవాలి. జిప్పు తెగిన బ్యాగుతో ఒకరు, సామాను బరువు ఎక్కువై ఇంకో చిన్న పెట్టె కావాలని ఒకరు వస్తూనే ఉంటారు. వచ్చేవాళ్లందరికీ తొందరే. పనిచేసేది ఐదుగురం. పొద్దున పదింటికి నిలబడితే కూర్చోవడం అన్నం తినేటప్పుడే.

వారపు సెలవుల చార్టు నేనే రాస్తాను. బిల్లులు రాసేది నేనే, చేతిరాత బాగుంటుందని యజమాని చాముండేశ్వరి గారు ఆ పని నాకు అప్పగించారు. శని, ఆదివారాల్లో రద్దీ వల్ల ఎవరికీ సెలవు లేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకరం. ఈ వారం సోమవారం తీసుకున్నవాళ్లకు వచ్చే వారం మంగళవారం, ఆ పై వారం బుధవారం. శుక్రవారం దాకా వచ్చినవాళ్లు మళ్లీ సోమవారానికి వెళ్తారు. ఆ ఒక్కసారి రెండు రోజులు పనిచేయగానే ఇంకో సెలవు వస్తుంది. మిగతా వారాల్లో సెలవుకూ సెలవుకూ మధ్య ఏడు రోజుల పని.

రెండేళ్ల కిందట ఎవరి రోజు వాళ్లకు ఖాయంగా ఉండేదట. అందరూ శుక్రవారమే అడిగారట. గొడవలు పడి ఇద్దరు మానేశారు. అప్పటి నుంచి మా దుకాణంలో ఖాయం రోజు అన్న మాట ఎత్తకూడదు. కావాలంటే ఇద్దరూ ఒప్పుకుని మార్చుకోవచ్చు. చార్టులో పక్కన ఇద్దరూ సంతకం చేయాలి. ఆదివారం మేడమ్ సంతకం పడ్డాక ఇక మార్పు లేదు.

మాతో పనిచేసే నిర్మలక్క బాబుకు మూడో నెల. పుట్టుకతోనే కుడి పాదం లోపలికి తిరిగి ఉంది. పెద్ద దవాఖానలో వారానికోసారి పాదాన్ని కొంచెం కొంచెం సరిచేస్తూ తొడ దాకా పిండి పట్టీ వేస్తారు. ఐదు పట్టీలు పడతాయన్నారు. ఆ డాక్టర్లు చూసేది బుధవారం ఒక్కరోజే. ఒక వారం తప్పితే సరిచేసిన పాదం మళ్లీ లోపలికి తిరుగుతుందని గట్టిగా చెప్పి పంపారట. పట్టీ వేసేటప్పుడు పిల్లవాడు కదలకుండా ఉండాలంటే తల్లి పాలిస్తూ ఉండాలి. అందుకని నిర్మలక్క వాళ్ల అమ్మను పంపితే కుదరదు. ఆమె భర్తది కొత్తూరులో ఫ్యాక్టరీ పని, అతనికి సెలవే లేదు.

మొదటి బుధవారం చార్టు ప్రకారం నిర్మలక్కదే. ఆ తర్వాతి నాలుగూ వరుసగా వీరేందర్ అన్న, కుర్మయ్య బాపు, నేను, దుర్గేష్ తీసుకోవాల్సినవి. అంటే మా నలుగురినీ తలా ఒకసారి అడగాలి. ఆమె అన్నం టైములో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, టిఫిన్ డబ్బా మూత చేతిలో తిప్పుతూ అడిగింది. వీరేందర్ అన్న తల ఊపాడు. కుర్మయ్య బాపు, "నాకేంది బిడ్డా, బుధవారమైతేంది, శుక్రవారమైతేంది. ఇంట్ల కూసుంటే నీ అత్త పని చెప్తది," అన్నాడు. నేను సరేనన్నాను. దుర్గేష్ మాత్రం అప్పుడు చూద్దాంలే అక్కా అని, బ్యాగులు సర్దడానికి వెళ్లిపోయాడు.

రెండో వారం వీరేందర్ అన్న తన బుధవారం ఇచ్చి నిర్మలక్క గురువారం తీసుకున్నాడు. మూడో వారం కుర్మయ్య బాపు బుధవారం ఇచ్చి ఆమె శుక్రవారం తీసుకున్నాడు. సంతకాలు పెట్టించాను. ఎవరికైనా వారానికి ఒక సెలవు ఉంది కదా అనుకున్నాను.

నేను ప్రతి వారానికీ ఒక కొత్త అట్టముక్క మీద రాసేదాన్ని. సూట్‌కేసులు వచ్చిన డబ్బాల అట్టలు మా దగ్గర బోలెడు. పాతది చింపేసి, కొత్తది బీరువా తలుపుకు అతికించేదాన్ని. ఒక్కో అట్ట మీద అంతా సరిగ్గానే ఉంది. రెండు అట్టలు పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తోచలేదు.

మూడో వారం గురువారం మధ్యాహ్నం పై అరలోంచి పెద్ద పెట్టె దించుతూ కుర్మయ్య బాపు దాన్ని సగంలోనే కింద పెట్టి, తనూ నేల మీద కూర్చుండిపోయాడు. మోకాలు వాచి ఉంది. కొనడానికి వచ్చిన ఆయన నీళ్ల సీసా ఇచ్చాడు. మేడమ్ లోపల్నుంచి వచ్చి ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగారు. బాపు నవ్వాడు.

"ఏం లేదు మేడమ్. సెలవు దొరికి శాన రోజులైంది గంతే."

నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. కిందటి వారం ఆయన సెలవు మంగళవారం. ఆ బుధవారం నుంచి ఈ గురువారం దాకా తొమ్మిది రోజులు. యాభై ఎనిమిదేళ్ల మనిషి తొమ్మిది రోజులుగా పెట్టెలు ఎత్తి దించుతున్నాడు. రాసింది నేను.

నిర్మలక్క కూడా అది విన్నది. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, వచ్చే వారం నా బుధవారం తీసుకోవడానికి కూడా మనసు రావడం లేదని చెప్పింది. ఐదో వారం దుర్గేష్ ఇవ్వడని ఆమెకు అప్పటికే తెలుసు. ఆ పొద్దున్నే అడిగిందట.

దుర్గేష్‌ది కూడా న్యాయమే. బడంగ్‌పేట్ నుంచి వస్తాడు. వాళ్ల మామయ్య క్యాబ్ నడపడానికి లైసెన్సు తీసుకోవాలని ఆర్నెల్లుగా చూస్తున్నాడు. చార్టు ఎలా తిరుగుతుందో ముందే లెక్క వేసుకుని, ఐదో వారం బుధవారం తనదని డ్రైవింగ్ పరీక్షకు స్లాట్ తీసుకున్నాడు. మన రోజు మనకు ముందే తెలియడమే కదా ఈ తిప్పడంలో ఉన్న ఒక్క లాభం. ఆ లాభాన్ని వాడుకున్నది అతనొక్కడే.

ఆదివారం మధ్యాహ్నం దుకాణం కాస్త ఖాళీ అయినప్పుడు నేను పెద్ద అట్ట ఒకటి తీసుకుని, జరిగిన మూడు వారాలూ, రాబోయే ఐదు వారాలూ ఒకే దాని మీద గీశాను. బుధవారం గడిలో వరుసగా నిర్మల అని రాశాను. మా నలుగురినీ మిగతా నాలుగు రోజుల్లో తిప్పాను. సోమవారం తర్వాత మంగళవారం, దాని తర్వాత నేరుగా గురువారం, ఆ తర్వాత శుక్రవారం, మళ్లీ సోమవారం. ఈ వారం ఎవరు ఎక్కడ సెలవు తీసుకున్నారో అక్కడి నుంచే ముందుకు జరిపాను. అప్పుడు కుర్మయ్య బాపుకు శుక్రవారం నుంచి సోమవారం వచ్చింది. అంటే రెండు రోజులకే ఇంకో సెలవు. మంగళవారం నుంచి గురువారానికి వెళ్లినవాళ్లు మాత్రం ఎనిమిది రోజులు పనిచేయాలి. అది తక్కువేం కాదు. కానీ అందరికీ వంతుల వారీగా వస్తుంది, ఎనిమిది దాటదు.

నేను మాట్లాడేదాన్ని కాదు. అట్ట తీసుకెళ్లి మేడమ్ బల్ల మీద పెట్టి నిలబడ్డాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇది ఖాయం రోజే కదమ్మా అరుణా."

"అవును మేడమ్. పట్టీలయ్యేదాకనే."

"రేపు ఇంకొకళ్లు అడిగితే ఏం చెప్పమంటావు?"

 నేను కుర్మయ్య బాపు పేరు మీద వేలు పెట్టి, రెండో వారం మంగళవారానికీ మూడో వారం శుక్రవారానికీ మధ్య ఉన్న గడులు ఒక్కొక్కటే చూపించాను. తొమ్మిది గడులు. ఆవిడ కళ్లద్దాలు తీసి కళ్లు ఒత్తుకున్నారు. ఆవిడకూ వారపు సెలవు లేదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది.

దుర్గేష్‌ను పిలిచారు. కొత్త చార్టులో అతనికి ఐదో వారం బుధవారం లేదు, గురువారం ఉంది. ఫోన్‌లో చూశాడు. ఆ గురువారం స్లాట్లు నిండిపోయాయి. ఆరో వారం శుక్రవారం అతనిదే, ఆ రోజు స్లాట్లు ఉన్నాయి. కానీ అతని లెర్నింగ్ లైసెన్సు గడువు ఆ ఆదివారంతో అయిపోతుంది. పరీక్ష తప్పితే మళ్లీ వెళ్లే టైము ఉండదు. మొదటి నుంచీ మొదలుపెట్టాలి.

అతను ఫోన్ వైపే చూస్తూ నిలబడ్డాడు. నిర్మలక్క స్టాకు గది గుమ్మం దగ్గర ఉంది.  అడిగి అడిగి అలసిపోయి అక్కడే ఆగిందనుకుంటాను.

"ఆ శుక్రవారం నాదే కదా మేడమ్?" అన్నాడు దుర్గేష్ చివరికి. "ఎవరికి ఏం వచ్చినా నన్ను అడగకూడదు. ఈ అట్ట చింపకూడదు. దాని మీదే సంతకం పెట్టండి."

మేడమ్ ఆ శుక్రవారం గడిలో విడిగా ఒక సంతకం, కింద మొత్తానికి ఒక సంతకం పెట్టారు.

"ఫెయిలైతే నన్ను తిట్టుకోకు తమ్మీ," అంది నిర్మలక్క.

"తిట్టుకుంటానక్కా," అన్నాడు. తర్వాత కొంచెం నవ్వాడు. "నువ్వు మాత్రం బుధవారం మానకు."

నాలుగో బుధవారం ఆమె వెళ్లి వచ్చింది. ఐదోదీ వెళ్లి వచ్చింది. గురువారం పొద్దున మేమంతా పాదం ఎలా ఉందని అడిగాం. ఆ రోజు దుర్గేష్ సెలవులో ఉన్నాడు. ఆమె సంచి లోపల పెట్టి, చీర కొంగు దోపుకుని, తుడిచే గుడ్డ తీసుకుని అరలు తుడవడం మొదలుపెట్టింది. పది నిమిషాలు గడిచాక నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇంక రెండు పడతయంట అరుణా. పాదం మంచిగనే వస్తుందంట. గని ఇంక రెండు కావాలెనంట."

ఆమె ముఖం చూశాను. నలుగురినీ మళ్లీ మొదటి నుంచి అడగాలన్న బరువు అందులో ఉంది. ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో కూడా ఆలోచించుకున్నట్టుంది. వీరేందర్ అన్న పేరు ఎత్తబోయింది.

"ఎవ్వరినీ అడుగుడు లేదు అక్కా," అన్నాను.

బీరువా దగ్గరికి తీసుకెళ్లాను. ఎనిమిదో వారం దాకా గీసే ఉంది. ఆరో వారం, ఏడో వారం బుధవారం గడుల్లో నిర్మల అనే ఉంది. దుర్గేష్ శుక్రవారం మీద మేడమ్ సంతకం అలాగే ఉంది. వాటి వల్ల ఎవరి రోజూ మారలేదు. ఆమె రెండు గడుల మీదా వేలు పెట్టి చూసుకుంది. తనకు అక్షరాలు వచ్చినా నన్నొకసారి చదవమంది. చదివాను.

ఈలోగా ఒక ఆయన చక్రం విరిగిన పెట్టెతో పరుగెత్తుకుంటూ వచ్చాడు. రెండు గంటల్లో విమానమట. నిర్మలక్క గుడ్డ పక్కన పెట్టి ఆయన దగ్గరికి నడిచింది.